కొట్టివేతలు

చోడవరంలో రిటైరైన మేస్టారొకాయన తప్పులు దిద్దిపెట్టమని తన ఆత్మకథని లాక్ చేసిన పీడీఎఫ్‌గా పంపారు. కామెంట్లు పెట్టడం తప్ప అందులో ఏదీ మార్చలేను. తప్పు మాటని గీతతో కొట్టేసి, చేర్పు గుర్తు పెట్టి, రావలసిన మాటని కామెంట్‌లో రాశాను. కామెంట్లు తెరిచి చూడమని మరీ మరీ చెప్పాను.

ఆయన జెరాక్స్ షాపులో ప్రింటు తీయించుకున్నారు. కాగితం మీదికి గీతలూ గుర్తులూ వచ్చాయి గానీ, కామెంట్లలో రాసిన మాటలు రాలేదు.

"నువ్వు కొట్టీసినవన్నీ తీసీసేను బాబూ, బుక్కు ప్రెస్సుకెళ్ళిపోయింది," అన్నారు ఫోన్లో.



వాళ్ళమ్మ పుట్టిన ఊరు ఒక్కచోటే దేవరాపల్లి అని పడితే, మిగతా పేజీల్లోలాగే చీడికాడ అని దిద్దాను. అచ్చయి వచ్చిన పుస్తకంలో, ఆ పేజీలో ఆవిడ ఏ ఊళ్ళోనూ పుట్టలేదు. "ప్రతి తప్పూ దిద్దిపెట్టిన" నాకు చెప్పిన కృతజ్ఞతల్లో మాత్రం ఒక్క అక్షరం పోలేదు.