సాలి ట్రేడర్స్

తొంభై ఒకటి వానాకాలం. సూర్యాపేటలో రామ్మూర్తి సేటు సిమెంటు ఏజెన్సీలో నేను బిల్లులు రాసేవాణ్ని. లచ్చిరాం కోదాడ, మిర్యాలగూడ లైన్లు తిరిగి ఆర్డర్లు తెచ్చేవాడు.

కమీషన్ బస్తాకు రూపాయి. నెలలో వెయ్యి దాటితే మొత్తం మీద రెండు రూపాయలు. అందుకే నెలాఖరుకు లచ్చిరాం తొంభై రూపాయల బస్తాను ఎనభై అయిదుకు ఇచ్చేసేవాడు. తగ్గేది సేటు జేబులోది, పెరిగేది తన కమీషను. దుకాణాలవాళ్లకు ఈ సంగతి తెలిసి, ఇరవై ఎనిమిదో తేదీ దాకా ఆర్డరే ఇచ్చేవాళ్లు కాదు.

జూలైలో వెయ్యికి నలభై బస్తాలు తక్కువ పడ్డాయి. లచ్చిరాం తన పెళ్లాం సాలి పేరున 'సాలి ట్రేడర్స్, గరిడేపల్లి' అని అప్పు బిల్లు రాయించాడు. రాసింది నేనే. తరవాత నెలలో అమ్మేస్తానన్నాడు.

ఆగస్టు చివర్లో సేటు స్కూటరు తీశాడు. "లచ్చిరాం, గరిడేపల్లిల కొత్త దుకాణమంట గద, సూసొద్దాం పా."

వాడి మొహం సిమెంటు రంగుకు తిరిగింది. దారంతా వాడు సేటు నడుం వదల్లేదట. నౌకరీ పోతే తండాలో మళ్లీ కూలి.

లచ్చిరాం ఇంటి ముందు సాలి అరుగు మీద కూర్చుని బియ్యం ఏరుతోంది. అరుగంటే అరుగు కాదు, వానకు తడిసి రాయైన సిమెంటు బస్తాలు.

"దుకాణమేదమ్మా?" అన్నాడు సేటు.

"ఏం దుకాణం సేటు? వానకు అన్ని గడ్డలైనయ్. గీడనే కూసో, చల్లగుంటది."

లచ్చిరాం అక్కడే కూలబడి అంతా చెప్పేశాడు. "వెయ్యి దాటకుంటే నా పైసలు సగమైతయ్ సేటు. నువ్వే గట్ల పెట్టినవ్."

సేటు ఆ అరుగు మీదే కూర్చుని బస్తాలు లెక్కపెట్టాడు. నౌకరీ తీసెయ్యలేదు. బస్తాల ఖరీదు నెలనెలా కొంత కోస్తానన్నాడు.

సెప్టెంబరు నుంచి వెయ్యి మెట్టు ఖతం. మొదటి బస్తా నుంచీ ఒకటే లెక్క: తొంభైకి అమ్మితే రెండున్నర; తగ్గించిన ప్రతి రూపాయికీ కమీషన్‌లో రూపాయి కోత; మూడు, ఆపైన తగ్గించాలంటే సేటునడగాలి, కమీషనుండదు. ఆ కమీషనూ దుకాణం సొమ్ము కట్టినాకే.

ఇరవై ఎనిమిదిన మిర్యాలగూడ దుకాణం యజమానురాలు స్వరాజ్యలక్ష్మి నవ్వింది. "ఇయ్యాల ఎంత తగ్గిస్తవ్?"

లచ్చిరాం ఆర్డరు పుస్తకం తెరిచాడట. "తగ్గిస్తే నా జేబుకే చిల్లు పడతదక్కా."

"రేపు రమ్మంటే?"

"రేపూ తొంభయ్యే. ఎల్లుండీ తొంభయ్యే."

ఆమె వంద బస్తాలు రాసుకోమంది.

ఆ నెల తొమ్మిది వందలే అమ్మాడు. కమీషన్ మాత్రం రెండు వేలు దాటింది. వాడు మూడుసార్లు లెక్కపెట్టుకున్నాడు, ఎక్కడో తప్పుందని భయపడి.

ఆ అరుగు మాత్రం ఇప్పటికీ కదల్లేదు. ఆ బిల్లు రాసిన చేత్తోనే, ఎప్పుడు వెళ్లినా, దాని మీద కూర్చుని సాలి ఇచ్చే చాయ్ తాగుతాను.