ఆమ్లంలోంచి తీసేయాల్సిన ఐదు

చోడవరంలో ఇంటర్ మొదటి ఏడాది చదువుతుండగా మాకు బలహీన ఆమ్లాల మీద ఒక వర్క్‌షీట్ ఇచ్చారు. కాలేజీ పెద్దాఫీసు నుంచి అన్ని బ్రాంచిలకూ ఒకటే వర్క్‌షీట్, ఒకటే జవాబుల కీ. అందులో బఫర్ లెక్క ఒకటి ఉంది. 0.2 మోలార్ ఎసిటిక్ ఆమ్లం వంద మిల్లీలీటర్లు, దానికి 0.1 మోలార్ సోడియం హైడ్రాక్సైడ్ యాభై మిల్లీలీటర్లు కలిపితే పీహెచ్ ఎంత? పీకేఏ 4.74 అని వాళ్లే ఇచ్చారు.

నాకు 4.26 వచ్చింది. కీలో 4.14 ఉంది.

మార్కులు పోయిన ప్రతి లెక్కనీ కీలో ఉన్నట్టు పదిసార్లు ఇంపోజిషన్ రాసి తేవాలన్నది మా కాలేజీ నియమం. మిగతావి రాశాను. ఇది రాయలేదు. కెమిస్ట్రీ సార్ కారణం అడిగితే కీ తప్పండీ అన్నాను. ఆయన కె.కోటపాడు నుంచి రోజూ బస్సులో వచ్చే కుర్ర లెక్చరర్. కోప్పడలేదు. కీ పైనుంచి వచ్చిందనీ, రాసేస్తే గొడవ ఉండదనీ నెమ్మదిగా చెప్పారు. రాయనన్నాను. అయితే బయట నిలబడమన్నారు.

వరండాలో నిలబడ్డాను. ఎండ మొహం మీదే పడుతోంది. సిగ్గుగా ఉంది, కానీ దాన్ని మించి ఒళ్లు మండుతోంది. ఆమ్లం ఇరవై మిల్లీమోల్స్, క్షారం ఐదు. ఆ ఐదూ ఆమ్లంతో కలిసి ఐదు లవణమవుతుంది. మరి ఆ మేరకు ఆమ్లం తగ్గొద్దా? మిగిలేది పదిహేనే. బఫర్ సమీకరణంలో ఐదు బై పదిహేను వేయాలి. కీ రాసినవాళ్లు లవణం ఐదు వేశారు గాని, ఆమ్లం ఇరవై అలాగే ఉంచేశారు.

సార్ బయటికి వచ్చినప్పుడు ఇంకోలా అడిగాను. "సార్, యాభై బదులు రెండొందల మిల్లీలీటర్లు కలిపేం అనుకోండి. కీ పద్ధతిలో ఇరవై బై ఇరవై, పీహెచ్ 4.74 వస్తది. కానీ అప్పటికి ఆమ్లం ఏటీ మిగల్దు కదండీ. ఆమ్లమే లేకపోతే బఫరెక్కడిది?"

సార్ నా వర్క్‌షీట్ అడిగి తీసుకున్నారు. దాంతోనే స్టాఫ్ రూంలోకి వెళ్లిపోయారు.

మర్నాడు ప్రిన్సిపాల్ మా అమ్మను పిలిపించారు. చెరకు తోటలో పని మధ్యలో వదిలేసి, చీర మార్చుకుని ఆటోలో వచ్చింది. మీ అమ్మాయి లెక్చరర్‌కి ఎదురు చెబుతోంది, ఒక్క లెక్క రాసి సారీ చెబితే సరిపోతుంది అన్నారాయన. అమ్మ నా వైపు చూడలేదు.

"నాకు సదువు రాదు బాబూ," అంది. "లెక్క రైటో తప్పో ముందు అది సెప్పండి. తప్పయితే ఇక్కడే కూకోబెట్టి రాయిస్తాను. రైటయితే ఎందుకు రాయాల?"

ఇది లెక్క సంగతి కాదమ్మా, క్రమశిక్షణ సంగతి అన్నారు ప్రిన్సిపాల్. లెక్క సంగతే కదా అని అమ్మ మళ్లీ అంది. ఆయన విసుగ్గా సార్ వైపు తిరిగారు.

సార్ చేతులు కట్టుకుని నిలబడి ఉన్నారు. "ఆ గుంట సేసిందే రైటండి," అన్నారు. "కీ తప్పు."

అయినా ప్రిన్సిపాల్, కీ మార్చడం తన చేతిలో లేదనీ, ఎదురు మాట్లాడినందుకైనా నేను సారీ చెప్పాల్సిందేననీ అన్నారు. చెప్పనన్నాను. వారంలోపే నన్ను మంచి మార్కులవాళ్ల పై సెక్షన్ నుంచి కింది సెక్షన్‌కి పంపేశారు.

అక్కడికీ అదే సార్ వచ్చేవారు. ఒకరోజు ఎప్పుడూ తాళం వేసి ఉండే ల్యాబ్ తీయించి మా అందరినీ తీసుకెళ్లారు. శంఖాకారపు కుప్పెలో 0.2 మోలార్ ఎసిటిక్ ఆమ్లం పది మిల్లీలీటర్లు పోసి ఫినాఫ్తలీన్ చుక్కలు వేశారు. బ్యూరెట్‌లోంచి 0.1 మోలార్ సోడియం హైడ్రాక్సైడ్ నన్నే వదలమన్నారు. కీ పద్ధతి నిజమైతే ఇరవై మిల్లీలీటర్ల దగ్గర పీహెచ్ 4.74 ఉండాలనీ, పీహెచ్ ఎనిమిది దాటితే గాని ఈ సూచిక రంగు మారదనీ ముందే చెప్పారు.

ఇరవై దగ్గరికి వచ్చేసరికి చుక్క చుక్కగా వదిలాను. కుప్పె అంతా లేత గులాబీ రంగు పరుచుకుంది.

వెనక బెంచీ పిల్ల ఒకతి, మరి పరీక్షలో ఏది పెట్టాలి సార్ అని అడిగింది. మీ ఇష్టం అన్నారాయన. తరవాతి వర్క్‌షీట్‌లో అలాంటి లెక్కే వచ్చింది, కీలో అదే తప్పు. మా సెక్షన్లో సగం మందికి పైగా ఆమ్లం తగ్గించే లెక్క చేసి, దానికి మార్కులు పోగొట్టుకున్నారు. ఇంపోజిషన్ ఒక్కరూ రాయలేదు. అందరినీ బయట నిలబెట్టడానికి వరండా చాలలేదు.