కాంప్లికేషన్ల కింద ఒక వాక్యం

నేను అనకాపల్లి ఆసుపత్రిలో టైపిస్టుని. మా సర్జన్‌గారు ఆపరేషన్ ముగించి చేతులు కడుక్కుంటూనే గబగబా చెప్పుకుపోయేవారు. ఆ మాటల్ని నేను ఆపరేషన్ చేసిన పద్ధతి, లోపల కనిపించినవి, కాంప్లికేషన్లు అని విడదీసి టైపు చేయాలి.

ఆ రోజు హెర్నియా రోగికి పేగు కాస్త చిరిగితే కుట్టేశానని మాటల మధ్యలో అనేసి, సాయంత్రం ఆ రోగికి కాఫీ ఇవ్వొచ్చని రాయమన్నారు. ఆ చిరుగును నేను కాంప్లికేషన్లలోనూ పెట్టాను.

"కుట్టేసేను కదమ్మా, ఇంకా కాంప్లికేషనేటి? తీసీ!" అని కాగితం చూసి కసిరారు.

నాకూ ఒళ్ళు మండింది. "నేను తియ్యనండి. మీరే కొట్టేసి సంతకం పెట్టండి."

ఆయన పెన్ను ఆ వాక్యం మీద చాలాసేపు ఆగింది. చివరికి కొట్టేయకుండానే సంతకం పెట్టి, వార్డు వైపు పరుగెత్తారు.

"సిస్టర్! ఆ పేగు కుట్టినాయనకి కాఫీ ఇచ్చీకండి! కుట్టు మానేదాకా నోట్లో ఏటీ పడకూడదు!"