హెచ్‌డీఆర్‌లో పాలిపోయిన ముఖం

నా ముఖం నాకు తెలియదా? అయినా ఫిల్మ్ నగర్ ఆఫీసులో, ఎడిటింగ్ గదిలో, మానిటర్ మీద దాన్ని చూసేసరికి గుర్తుపట్టలేకపోయాను. బూడిద పూసినట్టు పాలిపోయి ఉంది. ఎర్రంచు చీర ఎప్పుడో వెలిసిపోయినట్టుంది.

తల్లి వేషాలకు ఇప్పుడెవరూ పిలిచి చూడరు. మనమే ఫోన్లో డైలాగు చెప్తూ వీడియో తీసి పంపాలి. శ్రీనగర్ కాలనీలో నేనొక్కదాన్నే ఉండే ఇంట్లో, పోపులడబ్బాకు ఫోన్ ఆనించి తీసుకున్నాను. నా ఫోన్లో బంగారంలా ఉంది. అసలు ఫైలునే లింకులో పంపాను. కబురేమీ రాకపోతే నేనే ఆఫీసుకొచ్చాను. చాలా నెలలుగా పని లేదు. ఇదీ పోతే ఇక నన్ను మరిచిపోతారని లోపల భయం.

"ఒంట్లో బాగుండట్లేదా అమ్మా? డైరెక్టర్ గారు మరీ నీరసంగా ఉన్నారంటున్నారు. వేరే ఆవిణ్ణి అనుకుంటున్నాం," అన్నాడు కో-డైరెక్టర్.

"గుండ్రాయిలా ఉన్నాను నాయనా! ఎదురుగానే ఉన్నానుగా, చూడు!"

"ఎదురుగా బాగానే ఉన్నారండీ. ఆయన నమ్మేది తెరనే కదా."

పాపం, నా మీద జాలితో కాంట్రాస్ట్ పెంచాడు. ముఖం కందగడ్డయింది, తలలో మల్లెలు తెల్లటి ముద్దయిపోయాయి. నాకు ఏడుపొచ్చింది.

పక్క కుర్చీలో ఉన్న ఎడిటరమ్మాయి మౌస్ లాక్కుంది. "జర ఆగుండ్రి సార్. అమ్మ మొఖానికి ఏం కాలే. ఇది హెచ్‌డీఆర్‌ల తీసింది. వెలుగును, రంగులను ఫోన్ వేరే లెక్కల రాస్తది. ఫోన్ తెరకు ఆ లెక్క తెలుసు. మనం ఎడిటింగ్ చేసే టైమ్‌లైన్ మామూలు తెర లెక్క, ఎస్‌డీఆర్. మీరు సీదా పడేసిన్రు. అది మామూలు వీడియో అనుకొని చదివింది, గందుకే గిట్ల వెలిసింది."

అతను పెంచినవన్నీ తీసేసింది. క్లిప్ సెట్టింగులో ఇది హెచ్‌డీఆర్ అని చెప్పి, మామూలు తెర రంగుల్లోకి మార్చమంది. మరీ ఎక్కువ వెలుగును ఆ తెర పట్టేంతకు అణిచే టోన్ మ్యాపింగ్ పెట్టింది. అంతే, నా ముఖం నాకొచ్చింది! మల్లెలు విడివిడిగా కనిపించాయి. దాన్ని ఎస్‌డీఆర్ కాపీగా తీసి లోపలున్న డైరెక్టర్ గారికి పంపారు.

కాసేపటికి కో-డైరెక్టర్ నవ్వుతూ వచ్చాడు. "ఓకే అయిందమ్మా!"

ఆ పిల్ల చేతులు పట్టుకుని వదల్లేదు నేను. "ఈసారి కెమెరా సెట్టింగుల హెచ్‌డీఆర్ బంద్ చేసి తీయుండ్రి అమ్మా. పంపేముందు ఇంట్ల ఎవరి ఫోన్లనన్న ఒక్కపారి చూడుండ్రి," అంది.

"అలాగేనమ్మా," అన్నాను. ఇంకేమంటాను?

ఆటో ఎక్కాక ఫోన్ తీసి పేర్లన్నీ పైకీ కిందికీ జరిపాను. ఎవరికి చెప్పాలో తోచలేదు. అయినా లోపల సంతోషం ఆగడం లేదు.

"బాబూ, నాకు సినిమాలో వేషం వచ్చింది," అన్నాను డ్రైవర్‌తో.

"మస్తు ఖుషీ అమ్మా! ఇంట్ల చెప్పిన్రా?"

"నీకే చెప్తున్నా నాయనా."