ఉస్తాద్ చేతిలో విరిగిన ట్యాపులు

ఏడో తరగతితో బడికి దండం పెట్టిన నాకు లేతు పని నేర్పింది ఆళ్లగడ్డ ఉస్తాద్. ఇప్పుడు నంద్యాలలో లేజర్ మిషన్ ముందు కుర్చీలో కూర్చుని బటన్లు నొక్కుతున్నాను గానీ, చెవి మెలేసి ఇనుము అంటే ఏమిటో చెప్పింది ఆయనే.

విగ్రహాలు ఎత్తే చైన్ స్టాండుకి అడుగు ప్లేట్లు కావాలని శిల్పులు ఆయనకు పని ఇచ్చారు. ఇరవై మిల్లీల మందం, కార్బన్ కాస్త ఎక్కువున్న ఇనుము. నేనే లేజర్‌తో కోసి, రంధ్రాలూ వేసి, పెళ్లికూతుర్ని అప్పగించినట్టు అప్పగించి వచ్చాను. రంధ్రాల్లో బోల్టుకు మరలు తీయడం ఒక్కటే ఆయనకు మిగిలింది.

రెండు రోజుల తర్వాత ఆయన షెడ్డుకి వెళ్తే, మరలు తీసే ట్యాపులు మూడూ విరిగి బల్ల మీద ఉన్నాయి. ఆయన చేతిలో ట్యాపు విరగడం నేనెప్పుడూ చూడలేదు.

"ఇంత బలం యాడిది ఉస్తాద్? చాచీ ఏం పెడతాంది?"

ఆయన నవ్వలేదు. "చెయ్యి వణుకుతాందిరా. ట్యాపు వంకర పోతాంది. ఇంగ షెడ్డు మూసేస్తా." తాళంచెవి నా వైపు విసిరాడు.

తాళంచెవి జేబులో వేసుకుని, ఆకురాయి తీసి ప్లేటు మీద రుద్దాను. కొరికింది. రంధ్రం గోడ మీద రుద్దాను. గాజు మీద జారినట్టు జారింది.

లేజర్ తగిలిన అంచు కరిగేంత కాగుతుంది. పక్కనున్న చల్లటి ఇనుము ఆ వేడిని గబుక్కున లాగేస్తుంది. కార్బన్ ఉంటే ఆ సన్నటి పొర, కాల్చి నీళ్లలో ముంచిన ఉలిలా బిరుసెక్కుతుంది. ఎప్పుడూ మెత్తటి ఇనుప రేకులే కోసే నాకు అది తట్టలేదు.

"నీ చెయ్యి కాదు ఉస్తాద్. నా మిషనే విరగ్గొట్టింది."

"నన్ను ఓదార్చాకురా."

"ఓదార్చేదానికి నేనేమన్నా మంచోన్నా?"

నంద్యాలలో నేలబండల మీద పువ్వులు కోసే వాటర్‌జెట్ మిషన్ ఉంది. సూదిబెజ్జమంత సందులోంచి నీళ్లూ గరుకు ఇసుకా కలిసి దూసుకొస్తాయి. కొత్త ప్లేటు అక్కడికి మోశాను. నా లేజర్ నిమిషాల్లో తెమిల్చే పనికి అది గంటలు తిన్నది. తొందరపెడితే అడుగున అలల్లా గీతలు పడతాయి, రంధ్రం కింద ఇరుకవుతుంది. అందుకే రంధ్రాలు నిదానంగా, అర మిల్లీ తక్కువగా కోయించి డ్రిల్లుతో సరిచేశాను. అంచు మెరవలేదు, ఇసుకతో రుద్దినట్టుంది. కానీ కోసిన వెంటనే అరచెయ్యి ఆనించినా చల్లగానే ఉంది.

ప్లేటు తెచ్చి ముందు పెట్టినా ఉస్తాద్ నా మాట నమ్మలేదు. తనే రంధ్రంలో ఆకురాయి పెట్టి చూశాడు. కొరికింది. నూనె వేసి, కొత్త ట్యాపు నిలబెట్టి, అర చుట్టు ముందుకూ పావు చుట్టు వెనక్కూ తిప్పాడు. చెయ్యి వణుకుతూనే ఉంది. ట్యాపు మాత్రం నిటారుగా దిగింది.

రెండో రంధ్రం ముగించి, తలెత్తకుండానే అడిగాడు. "షెడ్డు తాళంచెవి యాడ పెట్టినావ్రా?"

"నా జేబులోనే."

"ఈడియ్యి."