‘తిరిగి రానివారు’ కింద ఒక కాగితం

ఉదయం తొమ్మిది నలభైకి మా సెక్షన్‌లో ఒక పాత కాగితానికి ట్యాగు పడింది. పెట్టినవారి గడిలో అక్క పేరు ఉంది. అక్క పోయి అప్పటికి పదకొండు రోజులు.

ఆమె నాకు తోడబుట్టింది కాదు, పక్క సీటు. పుదుచ్చేరిలో మాది చేపల పడవల వ్యవహారాలు చూసే ఆఫీసు. పాత ఫైళ్లు స్కాన్ చేస్తున్నాం. చేతిరాతను మా కంప్యూటర్ చదవలేదు. ట్యాగు, అంటే వెతకడానికి మేం తగిలించే మాట, ఉంటేనే కాగితం దొరుకుతుంది. ఎవరికి తోచిన మాట వాళ్లు పెట్టకుండా అక్క ఒక జాబితా తయారుచేసింది. పెద్ద శీర్షికలు, వాటి కింద చిన్నవి. అందులో లేని మాటను కంప్యూటర్ తీసుకోదు. జాబితా ఇంగ్లీషులో ఉంటుంది, ఇక్కడ తెలుగులో చెబుతున్నాను.

ఆ ఉదయం మురుంగపాక్కం నుంచి ఒకామె మూడోసారి వచ్చింది. ఆమె భర్త వీరాంపట్టినంలో ఒక పడవకు ఇంజను చూసేవాడు. ఎనిమిదేళ్ల కిందట సముద్రం మీదికి పోయి రాలేదు. అప్పుడు పడవ యజమాని ఇచ్చిన రిపోర్టు కోర్టులో చూపిస్తేనే మరణ ధ్రువపత్రానికి దారి.

“కంప్యూటర్లో ఏసినామంటారు. యాడ ఏసినారుమ్మా? సముద్రంలోనా?” అంది.

మరణం అని వెతికాను. మునక, ప్రమాదం అని వెతికాను. ఆ కాగితం రాలేదు. వెతకడం మాని జాబితాను పైనుంచి ఒక్కొక్కటే తెరిచాను. సముద్రం. దాని కింద మనుషులు. దాని కింద ‘తిరిగి రానివారు’. పక్కన ఒకటి అనే అంకె. నిన్న ఆమె రెండోసారి వచ్చి వెళ్లాక జాబితాలో ఇక్కడిదాకా వచ్చి చూశాను, సున్నా ఉంది. శీర్షిక కింద అక్క రాసిన సూచన: శవం దొరకనివారికి ‘మరణం’ వాడకూడదు.

తెరిచాను. అదే రిపోర్టు. అక్క పేరు, తొమ్మిది నలభై.

పక్క సీటు వైపు చూడకుండా సూపరింటెండెంట్ దగ్గరికి వెళ్లాను.

“ఆమె ట్యాగులు పెట్టినవి ఆమోదం లేక నిలిచిపోయినాయి. పొద్దున అన్నిటికీ ఒక్కసారే ఓకే కొట్టినా. టైము నాది, పేరు ఆమెది. ఏంది, దయ్యమనుకున్నావా?” అని నవ్వాడు.

అర్థమైంది. అయినా సాయంత్రం దాకా ఒక్కో శీర్షిక పక్కన అంకె పెరుగుతూనే ఉంది. కంప్యూటర్ వాటిని మెల్లగా లెక్కలోకి తీసుకుంటోంది. ఏది తెరిచినా అక్క పేరు, తొమ్మిది నలభై.

రిపోర్టు ప్రింటు తీసి, దీనికి ట్యాగు పెట్టింది మా పక్క సీటామె అని చెప్పి, మురుంగపాక్కం ఆమె చేతికిచ్చాను.

“దీన్ని దాచిపెట్టినామె యాడుందిమ్మా? చూడాల.”

“ఈరోజు రాలేదు,” అన్నాను.

“వస్తే చెప్పు, నేనొచ్చినానని.”

సరేనన్నాను.

కోర్టు ఆ రిపోర్టును తీసుకుంది. మూడుసార్లు తిరిగిన ఆమెలా ఇంకొకరు తిరగకూడదని జాబితా మార్చమని నేనే రాసిచ్చాను. ‘గల్లంతు’ను అసలు శీర్షిక చేశాం. మునక అని వెతికినా, మరణం అని వెతికినా అదీ చూడమని చూపిస్తుంది. అక్క పెట్టిన మాట టైపు చేసినా అక్కడికే తీసుకెళుతుంది. కాగితాలకు మాత్రం ‘తిరిగి రానివారు’ అనే ట్యాగు ఇప్పుడు పెట్టడం లేదు.