ఎనిమిది వేళ్ళ దిండు

దూదక్క దుకాణంలో దిండు కొనాలంటే ముందు పడుకోవాలి. ధర తరువాత, రంగు తరువాత. గోడవార నున్నటి చెక్కబల్ల ఒకటి ఉంది. కొనడానికి వచ్చినవాళ్ళు చెప్పులు విడిచి దాని మీద పక్కకు తిరిగి పడుకోవాలి. దూదక్క వాళ్ళ చెవికీ బల్లకీ మధ్య తన వేళ్ళు అడ్డంగా పేర్చి, ఎన్ని వేళ్ళ ఎడం ఉందో లెక్క చూస్తుంది. "నీకు ఆరు వేళ్ళు", "మీకు ఏడు" అని తేల్చి చెప్పేస్తుంది. తల పెట్టి పడుకున్నాక కూడా దిండు సరిగ్గా అంత ఎత్తు మిగలాలని ఆమె సిద్ధాంతం. బుర్రమీసాల పెద్దమనుషులు సైతం సిగ్గుపడుతూనే ఆ బల్ల ఎక్కి దిగినవాళ్ళే.

దిండులో ఏం నింపాలన్నది తరువాతి మాట. దుకాణంలో నాలుగు పెద్ద గోతాలు ఉంటాయి. దూది, ఫోమ్, ఫైబర్, ఈకలు. అడిగినవాళ్ళకు అడిగింది కుట్టి ఇస్తుంది గానీ, ఆమె మనసంతా దూది మీదే. ఫోమ్ అంటే పెదవి విరుస్తుంది. ఫైబర్ పేరెత్తితే "ఏడాది తిరక్కుండా అప్పడమవుతుంది" అంటుంది. ఈకల దిండు అడిగినవాళ్ళ వంక జాలిగా చూస్తుంది. పాతికేళ్ళుగా దూది ఏకి, నింపి, కుట్టిన మనిషి. ఆమె దిండు మీద నిద్రపోనివాడు ఊళ్ళో లేడని అందరూ అంటారు. అందరికంటే ముందు ఆమే అంటుంది.

అలాంటి దూదక్క నెత్తిన ఒకరోజు మధ్యాహ్నం పిడుగు పడింది. ఆమె భర్త బస్సు డ్రైవరు. ముప్ఫై ఏళ్ళ సర్వీసు, ఒక్క గీత కూడా పడని బండి. ఆ రోజు డిపోలో ఆరోగ్య పరీక్ష జరిగింది. ఆయన దుకాణంలోకి వచ్చి, బల్ల అంచున కూర్చుని, టోపీ తీసి ఒళ్ళో పెట్టుకున్నాడు.

"ఏమైందండీ?" అంది దూదక్క, చేతిలో సూది ఆపి.

"మెడ కుడివైపు తిరగడం లేదంది డాక్టరమ్మ. అద్దంలో చూడాలంటే ఒళ్ళంతా తిప్పుతున్నానట. ఇరవై రోజులు టైమిచ్చింది. అప్పటికీ తిరక్కపోతే స్టీరింగ్ పట్టనివ్వరట. ఆఫీసులో కూర్చోబెట్టి టికెట్ కట్టలు లెక్కపెట్టిస్తారు."

దూదక్క సూది చేత్తోనే వచ్చి ఆయన పక్కన కూర్చుంది. బస్సు లేకపోతే ఈ మనిషి ఏమైపోతాడో ఆమెకు తెలుసు. సెలవురోజున కూడా కుర్చీలో కూర్చుని ఎడమ కాలితో లేని క్లచ్ తొక్కే రకం.

"మందు రాసిందా?"

"మెడకు వ్యాయామం చెప్పింది. ఇంకా..." అని ఆయన నసిగాడు. "పొద్దున్నే తుమ్ములొస్తున్నాయా అని అడిగింది. అవునన్నాను. దిండు ఎన్నేళ్ళదని అడిగింది. పద్దెనిమిదేళ్ళదని చెప్పాను. ముందు అది మార్చు అంది."

అంతే, దూదక్క ఒంటికాలి మీద లేచింది. "నా దిండునంటుందా! ఏటేటా ఏకి, ఎండలో పెట్టి, మళ్ళీ కొత్తదానిలా కుడుతున్నానే! తుమ్ములకీ నా దిండుకీ ఏం సంబంధం?"

"ఏకినా అదే దూది కదా అంది. మన ఒంటి పొట్టు తిని బతికే కంటికి కనపడని పురుగులు ఉంటాయట. అవీ, వాటి మలం దుమ్మూ ఏకితే పోవట, వేడినీళ్ళలో ఉతికితే పోతాయట. దూది దిండు ఉతకలేం కదా, అందుకని..."

దూదక్క సూదిని గుడ్డలో కసిగా గుచ్చింది. ఆ డాక్టరమ్మను నాలుగు దులుపుదామనుకుంది గానీ, ఇరవై రోజుల మాట గుర్తొచ్చి దిగమింగింది. మర్నాడు పొద్దున ఆయన లేవగానే వచ్చిన తుమ్ములు లెక్కపెట్టింది. పద్నాలుగు. ఇన్నాళ్ళూ అది వినీ వినీ ఆమెకు కోడికూతలా అలవాటైపోయింది.

సరే, చూద్దాం అనుకుంది. ముందు ఈకల దిండుతో మొదలుపెట్టింది. ఈకలంటే తుమ్ములు రెట్టింపవుతాయని ఆమెకు గట్టి నమ్మకం. అప్పుడు తన దూది పరువు నిలుస్తుందని లోపల చిన్న ఆశ కూడా ఉంది. నాలుగు రోజులయ్యేసరికి తుమ్ములు ఆరుకు దిగాయి. దూదక్క దిండును తిప్పి తిప్పి చూసింది. ఈకలు బయటికి పొడుచుకు రాకుండా దాని గలీబు మహా చిక్కటి నేతతో ఉంటుంది. ఈకను ఆపే నేత దుమ్మునూ పురుగునూ కూడా ఆపుతుందన్నమాట. పైగా కొత్తది. "ఓహో, గుట్టు గుడ్డలో ఉందా!" అనుకుంది. ఓడిపోయినట్టూ ఉంది, కొత్త సంగతి తెలిసినట్టూ ఉంది.

అయితే మెడ మాత్రం మొండికేసింది. ఈకల దిండు రాత్రి ఉబ్బి ఉంటుంది, తెల్లారేసరికి తల కింద గుంట పడి ఈకలన్నీ అంచులకు చేరతాయి. మెడకు ఆసరా ఉండదు. తరువాత ఫోమ్ దిండు వేసింది. బల్ల మీద ఆయన కొలత ఎనిమిది వేళ్ళు, ఇది అచ్చంగా అంత ఎత్తు దిమ్మ. అది దిగదు, చెదరదు. దాని మీద పడుకుని లేచాక ఆయన పక్కింటాయన్ని పలకరించడానికి కుర్చీతో సహా తిరిగాడు. ఆ పైన ఫైబర్ వేసింది. అదీ ఎనిమిది వేళ్ళకు బాగా కూరి మరీ కుట్టింది. మెడ నొప్పి ఎక్కడిదక్కడే ఉంది.

పదకొండు రోజులు గడిచిపోయాయి. "బానే ఉందే, తగ్గుతుందిలే" అంటాడు ఆయన, చొక్కా వేసుకోవడానికి అవస్థ పడుతూనే. దూదక్కకు ముద్ద దిగడం లేదు. నాలుగు రకాలూ అయిపోయాయి. ఐదో రకం తన దుకాణంలో లేదు.

పన్నెండో రోజు ఆయనది తెల్లవారుజాము డ్యూటీ. పగలు ఇంటికొచ్చి పడుకున్నాడు. దూదక్క అన్నం గిన్నె తీసుకుని గదిలోకి వచ్చి గుమ్మంలోనే ఆగిపోయింది. మామూలుగా ఆయన పగలు పడుకునే వేళకు ఆమె దుకాణంలో ఉంటుంది. పట్టపగటి వెలుగులో మొగుడు నిద్రపోతుంటే నిలబడి చూసి ఎన్నేళ్ళయిందో.

ఆయన కుడిపక్కకు తిరిగి పడుకున్నాడు. భుజం మెత్తటి పరుపులోకి పూర్తిగా కూరుకుపోయింది. తల మాత్రం దిండు మీద పైకి లేచి, మెడ ఎడమవైపుకు వంగిపోయి ఉంది. ఎవరో చెవి పట్టుకుని పైకి లాగుతున్నట్టుంది. దూదక్క గిన్నె కింద పెట్టి, మంచం పక్కన మోకాళ్ళ మీద కూర్చుని, మెల్లిగా దిండు లాగి, ఆయన తలను ఒక అరచేత్తో వెన్నుకు వరుసలో ఉండేలా ఎత్తిపట్టింది. రెండో చేతి వేళ్ళు చెవికీ పరుపుకీ మధ్య పెట్టింది.

నాలుగు వేళ్ళు. మీద ఇంకొకటి. ఐదు.

మళ్ళీ కొలిచింది. ఐదే.

దుకాణంలో బల్ల మీద ఎనిమిది. బల్ల చెక్క, అందులోకి భుజం దిగదు. ఇంట్లో పరుపు మెత్తన, భుజం మూడు వేళ్ళ లోతు దిగిపోయింది. ఈ పరుపు రెండేళ్ళ కిందట ఆమె నడుం నొప్పి కోసం ఆమే ముచ్చటపడి తెచ్చింది. అంతకుముందు గట్టి దూది పరుపు ఉండేది, దాని మీద ఎనిమిది వేళ్ళ దిండు సరిపోయేది. మెడ నొప్పి కూడా రెండేళ్ళ నుంచే ఉందని ఆయన డాక్టరమ్మతో చెప్పాడట. తను వెల్లకిలా, పల్చటి దిండు మీద పడుకుంటుంది కాబట్టి ఏ తేడా తెలియలేదు. దూదక్క నాలుక్కరుచుకుంది.

"ఏం చేస్తున్నావే?" అన్నాడాయన కళ్ళు తెరవకుండానే.

"మీ తల పట్టుకున్నా. పడుకోండి."

ఆ మధ్యాహ్నమే దుకాణం తలుపు ఓరగా వేసి పని మొదలుపెట్టింది. గట్టి ఫోమ్‌ను నాలుగు వేళ్ళ మందంలో పలకగా కోసింది. మెడకు ఆసరా అది చూసుకుంటుంది, చదునైపోదు. దాని చుట్టూ ఫైబర్ పల్చగా చుట్టింది, చెంపకు మెత్తగా ఉండాలని. పైన ఈకల దిండుకు వాడే చిక్కటి నేత గుడ్డతో తొడుగు కుట్టి జిప్పు పెట్టింది. వారానికోసారి తొడుగు విప్పి వేడినీళ్ళలో ఉతకొచ్చు. ఫైబర్ అణిగితే ఇంకో పిడికెడు వెయ్యొచ్చు, ఎత్తయితే తియ్యొచ్చు. ఫోమ్ ఎండకు పొడిపొడి అవుతుంది కాబట్టి దాన్ని నీడలోనే గాలికి పెట్టాలని గట్టిగా అనుకుంది. ఇన్నాళ్ళూ తిట్టిన సరుకులన్నీ ఒక్క సంచిలో చేరాయి. అరచేత్తో నొక్కి, మిగిలిన ఎత్తు కొలిచి చూసింది. ఐదు వేళ్ళు. పద్దెనిమిదేళ్ళ దూదిని తీసి చెత్తకు వేసింది. ఆ పాత దిండుకు ఉన్నది ఆమె పెళ్ళినాటి గలీబు, అది మాత్రం ఉతికి దాచుకుంది.

కొత్త దిండు వేసిన మూడో రోజున, పిలిస్తే ఆయన మెడ తిప్పి చూశాడు. వ్యాయామం మానలేదు, దిండు మారలేదు. ఆరో రోజుకు తుమ్ములు రెండు. ఇరవయ్యో రోజు పొద్దున ఆయన డిపోకు వెళ్తే దూదక్క దుకాణంలో సూదికి దారం ఎక్కించలేకపోయింది.

మధ్యాహ్నం దాటాక ఆయన వచ్చాడు. టోపీ నెత్తి మీదే ఉంది.

"కుడికి తిప్పమంది, తిప్పాను. ఎడమకు తిప్పమంది, తిప్పాను. ఇంకోసారి, ఇంకోసారి అని పది సార్లు తిప్పించి సంతకం పెట్టింది. ఇక నా బండి నాకే!"

దూదక్క ఊపిరి పీల్చుకుంది. వెంటనే ఏడుపొచ్చేసింది.

"మీ మెడ పాడుచేసింది నేనేనండీ. బల్ల మీద కొలిచి పరుపు మీద పడుకోబెట్టాను. మీరైనా చెప్పొచ్చు కదా! రెండేళ్ళు నొప్పి ఓర్చుకుని కూర్చుంటారా?"

ఆయన నేల చూపులు చూశాడు. "రోజూ ఎవరో ఒకరు వచ్చి, నీ దిండు మీద హాయిగా నిద్రపట్టిందని చెప్పి పోతుంటారు. నీ మొహం వెలిగిపోతుంటుంది. కట్టుకున్నవాడికే పడలేదని ఎలా చెప్పనే?"

"ఇంకోసారి నొప్పి దాచారంటే దిండు లేకుండా పడుకోబెడతా!" అని కళ్ళు తుడుచుకుంది దూదక్క. పోట్లాట లాంటిదే గానీ, చెయ్యి మాత్రం ఆయన మెడ మీద ఉంది.

మర్నాడు బల్ల మీద ఒక మెత్తటి పరుపు, దాని పక్కన ఒక గట్టి పరుపు వచ్చాయి. "మీ ఇంట్లో పరుపు ఏది?" అన్నది కొత్త మొదటి ప్రశ్న. మెత్తటి పరుపు కొనుక్కున్న పాత ఖాతాదారులందరికీ కబురంపింది, దిండు పట్టుకుని రమ్మని.

ముందుగా వచ్చింది ఎప్పుడూ నవ్వుతూ ఉండే లెక్కల టీచరు. నిరుడు ఈ దుకాణంలోనే దూది దిండు చేయించుకుంది.

"ఎందుకక్కా శ్రమ? నా దిండు బ్రహ్మాండంగా ఉంది!" అంది.

దూదక్క ఆమె మొహంలోకి సూటిగా చూసింది. "మీరూ నా మొహం చూసి అబద్ధం ఆడుతున్నారా టీచరుగారూ? ఎక్కండి."

టీచరు మెత్తటి పరుపు మీద పక్కకు తిరిగి, తన దిండు మీద తల పెట్టింది. దూదక్క వంగి ఆమె మెడ వంపు చూసింది. కాసేపటికి పరుపు మీద నుంచి చిన్న గొంతు వినిపించింది.

"కొంచెం ఎత్తే అక్కా."

దూదక్క కత్తెర తీసుకుని కుట్టు విప్పి, దిండులోంచి రెండు పిడికిళ్ళ దూది బయటికి లాగింది.